నడుస్తున్నట్టు కనిపించిన ఆర్డర్లు: నెలాఖరు డబ్ల్యూఐపీ, వేరియన్స్ సెటిల్‌మెంట్ ప్రాజెక్టు డైరీ

జూలై 3

జీడిమెట్లలోని మా కర్మాగారంలో పంపు బాడీల క్యాస్టింగులను బయట ఫౌండ్రీల నుంచి కొని, బోరింగ్, ఫేసింగ్, డ్రిల్లింగ్ చేసి, రంగు వేసి అసెంబ్లీకి పంపుతాము. లెక్కలన్నీ ఎస్‌ఏపీ అనే సాఫ్ట్‌వేర్‌లోనే నడుస్తాయి. జూన్ నెల ముగింపులో తయారీలో ఉన్న సరుకు విలువ, అంటే డబ్ల్యూఐపీ, 68 లక్షల 40 వేల రూపాయలుగా వచ్చింది. మే నెలతో పోల్చితే అందులో వింతేమీ లేదు కాబట్టి ఆ అంకెను ఎవరూ ప్రశ్నించలేదు. నేను ప్రశ్నించడానికి కారణం అంకె కాదు, ఫ్లోరు. జూన్ 30 సాయంత్రం నేను షెడ్డులో నడిచినప్పుడు యంత్రాల పక్కన ఉన్న ట్రాలీలు చాలావరకు ఖాళీగా కనిపించాయి. ఇరవై ఐదో తేదీ తర్వాత వచ్చిన తొందర ఆర్డర్ల కోసం చేతిలో ఉన్న పనంతా పూర్తిచేసి పంపేశారు. ఫ్లోరు ఖాళీ అయిన నెలలో డబ్ల్యూఐపీ తగ్గాలి, తగ్గలేదు.

మా ప్లాంటు అధిపతి గారు దీనిని ఒక చిన్న ప్రాజెక్టుగా తీసుకొని జూలై ముగింపు నాటికి తేల్చమని అన్నారు. కాస్ట్ అకౌంట్స్ నుంచి నేను, ప్లానింగ్ నుంచి ఒకరు, మెషిన్ షాపు సూపర్‌వైజర్ గారు, ముగ్గురము కలిసి పని చేయాలి. జరిగినదాన్ని జరిగినట్టు ఇక్కడ రాసి పెడుతున్నాను.

జూలై 4

ముందుగా మా సిస్టమ్‌లో డబ్ల్యూఐపీ ఎలా పుడుతుందో మిగతా ఇద్దరికీ చెప్పవలసి వచ్చింది. డబ్ల్యూఐపీ అంటే ఎవరో ఫ్లోరులోకి వెళ్లి లెక్కపెట్టిన సరుకు అని ఇద్దరూ అనుకుంటున్నారు. నిజానికి సిస్టమ్ ముక్కలను లెక్కపెట్టదు, ఆర్డరు మీద మిగిలిన రూపాయలను లెక్కపెడుతుంది. స్టోరు నుంచి సామాను ఇచ్చినప్పుడు, యంత్రం గంటలను, మనిషి గంటలను కన్ఫర్మేషన్‌లో రాసినప్పుడు ఆర్డరుకు ఖర్చు చేరుతుంది. పూర్తయిన ముక్కలు స్టాకులోకి వచ్చినప్పుడు ఒక్కొక్క ముక్కకు స్టాండర్డ్ ధర చొప్పున ఆర్డరుకు జమ పడుతుంది. నెలాఖరున `KKAO` నడిపితే, ఆర్డరు ఇంకా తెరిచి ఉన్న పక్షంలో ఖర్చులోంచి జమను తీసివేయగా మిగిలినదంతా డబ్ల్యూఐపీ అవుతుంది. ఆర్డరుకు పూర్తి డెలివరీ స్థితి `DLV` గాని, సాంకేతికంగా ముగిసిన స్థితి `TECO` గాని వచ్చి ఉంటే, అదే మిగులు డబ్ల్యూఐపీ కాకుండా పోయి `KKS1` నడిపినప్పుడు వేరియన్స్‌గా, అంటే అసలు ఖర్చుకూ స్టాండర్డ్ ఖర్చుకూ ఉన్న తేడాగా మారుతుంది. ఆ తర్వాత `CO88` సెటిల్‌మెంట్ ఆ రెండింటినీ ఖాతాల్లోకి పంపుతుంది.

అంటే ఒకే రూపాయి ఆస్తి అవుతుందా, నష్టం అవుతుందా అన్నది ఆర్డరు మీద ఉన్న మూడు నాలుగక్షరాల స్థితిని బట్టి తేలుతుంది. ఆ స్థితిని మార్చవలసిన మనిషి అకౌంట్స్‌లో లేడు. ప్లానింగ్‌లోనో ఫ్లోరు మీదనో ఉన్నాడు. ఈ మాట చెప్పిన తర్వాత ప్లానింగ్ మిత్రుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆర్డర్లకు `TECO` పెట్టడమంటే తెర మీద జాబితాను శుభ్రం చేసుకోవడమని ఆయన అనుకునేవారు. తీరిక దొరికినప్పుడు చేసేవారు.

జూలై 7

`KKAQ` నుంచి జూన్ డబ్ల్యూఐపీ జాబితాను, `COOIS` నుంచి అవే ఆర్డర్ల పరిమాణాలను, చివరి కదలిక తేదీలను తీసి ఒకే షీటులో పెట్టాను. మొత్తం 143 ఆర్డర్లు. వాటిని ఒక్కొక్కటిగా తెరిచి చూసే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి ఒక చిన్న జల్లెడ పెట్టాను. కొంత డెలివరీ అయి, పూర్తిగా కాక, నెలాఖరుకు 15 రోజుల ముందు నుంచి ఏ కదలికా లేని ఆర్డరు అనుమానించదగినది. షీటులో `C` ఆర్డరు పరిమాణం, `D` డెలివరీ అయిన పరిమాణం, `F` చివరి కదలిక తేదీ, `H1` నెలాఖరు తేదీ.

```
=IF(AND(D2>0,D2<C2,$H$1-F2>15),"CHECK","OK")
```

15 రోజులు అన్న హద్దు మా షాపుకు సరిపోయేది మాత్రమే. మా వద్ద ఒక ఆర్డరు మొదటి ఆపరేషన్ నుంచి రంగు వరకు మామూలుగా ఆరు నుంచి ఎనిమిది రోజుల్లో పూర్తవుతుంది. దానికి దాదాపు రెట్టింపు తీసుకున్నాను. మూడు నెలలు పట్టే పని చేసే కర్మాగారంలో ఈ హద్దు పెడితే నిజమైన పనులన్నీ అనుమానితాల జాబితాలోకి వస్తాయి.

జల్లెడలో 37 ఆర్డర్లు మిగిలాయి. వాటి విలువ 13 లక్షల 60 వేలు.

జూలై 8

ఆ 37 ఆర్డర్లలో ఒకదానిని ఎన్నుకొని సూపర్‌వైజర్ గారితో కలిసి చివరి దాకా తవ్వాను. దీనిని వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మిగతావన్నీ ఇంచుమించు దీని అన్నదమ్ములే.

పెద్ద సైజు పంపు బాడీ, 400 ముక్కల ఆర్డరు. ఒక్కొక్క ముక్క స్టాండర్డ్ ధర 1,250 రూపాయలు. అందులో క్యాస్టింగుకు 800, అరగంట యంత్రానికి గంటకు 600 చొప్పున 300, అరగంట మనిషి పనికి గంటకు 200 చొప్పున 100, రంగుకు 50. ఆర్డరు మీద పడిన అసలు ఖర్చు ఇలా ఉంది. స్టోరు 400 క్యాస్టింగులు ఇచ్చింది, 3,20,000. యంత్రం 208 గంటలు నడిచింది, 1,24,800. మనిషి గంటలు కూడా 208, అంటే 41,600. రంగు 20,000. మొత్తం 5,06,400. స్టాకులోకి వచ్చిన మంచి ముక్కలు 388. వాటికి జమ 4,85,000.

```
5,06,400 − 4,85,000 = 21,400
```

మే నెల రెండో వారంలో చివరి ముక్క స్టాకులోకి వెళ్లింది. 388 అన్నది 400 కంటే తక్కువ కాబట్టి ఆర్డరు `PDLV`, అంటే పాక్షిక డెలివరీ స్థితిలోనే ఆగిపోయింది. మే ముగింపులోనూ, జూన్ ముగింపులోనూ ఈ 21,400 డబ్ల్యూఐపీగానే లెక్కకెక్కింది.

మిగిలిన 12 ముక్కలు ఎక్కడున్నాయని అడిగాను. సూపర్‌వైజర్ గారు ఆర్డరు నంబరు చూడగానే గుర్తుపట్టారు. "మేడమ్, అవి ఎప్పుడో పోయినయి. బోరింగ్ చేస్తుంటే లోపల బ్లో హోల్స్ బయటపడ్డయి. ఎర్ర డబ్బాల వేసినం, తుక్కుల పోయినయి. ఫ్లోరు మీద ఒక్కటి లేదు" అన్నారు.

ఫ్లోరు మీద ఒక్క ముక్క కూడా లేని ఆర్డరు మా బ్యాలెన్స్ షీటులో 21,400 రూపాయల ఆస్తిగా రెండు నెలలు కూర్చుంది.

జూలై 9

నిన్నటి ఆర్డరుకు `TECO` పెట్టి, టెస్ట్ రన్‌లో వేరియన్స్ లెక్కించి చూశాను. సిస్టమ్ 388 మంచి ముక్కలకు ఎంత ఖర్చు కావలసి ఉందో లెక్కవేసి, అసలు ఖర్చుతో పోల్చింది. క్యాస్టింగుల్లో 9,600, యంత్రంలో 8,400, మనిషి పనిలో 2,800, రంగులో 600. కలిపితే అదే 21,400. నాలుగూ పరిమాణ వేరియన్స్ కిందనే వచ్చాయి. లెక్క తప్పు కాదు గాని, దాన్ని చదివే మనిషికి అది తప్పు దారి చూపుతుంది. క్యాస్టింగులు ఎక్కువ వాడారు, ఆపరేటర్లు 14 గంటలు ఎక్కువ తీసుకున్నారు అని చెబుతుంది. ఫౌండ్రీ పంపిన చెడ్డ క్యాస్టింగుల సంగతి అందులో ఎక్కడా లేదు.

కారణం, ఆ 12 ముక్కలను కన్ఫర్మేషన్‌లో స్క్రాప్ పరిమాణం గడిలో ఎవరూ రాయలేదు. మంచి ముక్కల సంఖ్య మాత్రం రాసి ఊరుకున్నారు. రాసి ఉంటే ఏమయ్యేదో పరీక్షా సర్వర్‌లో ఇలాంటిదే ఒక ఆర్డరు సృష్టించి చూశాను. 12 ముక్కలకు క్యాస్టింగు 9,600, మెషినింగ్‌లో వాటికి పట్టవలసిన 6 గంటలకు యంత్రం, మనిషి కలిపి 4,800; మొత్తం 14,400 స్క్రాప్ వేరియన్స్‌గా విడిపోయింది. అప్పుడు పరిమాణ వేరియన్స్‌లో మిగిలింది 8 గంటలకు 6,400, రంగుకు 600 మాత్రమే. మొత్తం మారలేదు, 21,400 రూపాయలే. కాని మూడింట రెండు వంతుల బరువు ఆపరేటర్ మీద నుంచి క్యాస్టింగు మీదికి జరిగింది. ఇలా విడిపోవాలంటే వేరియన్స్ వేరియంట్ అనే సెట్టింగులో స్క్రాప్ వేరియన్స్ గుర్తు పెట్టి ఉండాలి. మా కంపెనీలో అది పెట్టే ఉంది, దానికి కావలసిన సంఖ్యే ఇన్నాళ్లూ అందలేదు.

ఈ సంగతి కొనుగోలు విభాగంలో చెప్పినప్పుడు వాళ్లు ఇంకొక మాట చెప్పారు. లోపమున్న క్యాస్టింగులకు ఫౌండ్రీ నుంచి డబ్బు రాబట్టుకునే నిబంధన మా ఒప్పందంలో ఉంది, కాని రుజువుగా రిజెక్షన్ రికార్డు చూపాలి. రికార్డు ఉన్న ముక్కలకే డెబిట్ నోట్ వేయగలిగారు. ఎర్ర డబ్బాలోంచి నేరుగా తుక్కులోకి వెళ్లినవాటికి ఏమీ రాలేదు. నేను అకౌంటింగ్ సమస్యగా మొదలుపెట్టినది ఇక్కడ చేతికి రావలసిన డబ్బు సమస్య అయింది, ఆ రోజు నాకు నిజంగా బాధ కలిగింది.

జూలై 11

37 ఆర్డర్లనూ జాబితా పట్టుకొని ఫ్లోరు మీద వెతికాము. 28 ఆర్డర్లకు ఒక్క ముక్క కూడా దొరకలేదు. వాటి విలువ 11 లక్షల 20 వేలు. మిగిలిన 9 నిజంగానే నడుస్తున్నాయి. ముక్కలు పౌడర్ కోటింగ్ కోసం బాలానగర్‌లో జాబ్ వర్క్ చేసేవారి దగ్గర ఉన్నాయి, వాటి విలువ 2 లక్షల 40 వేలు. ఆ తొమ్మిదింటినీ ముట్టుకోలేదు. జల్లెడ అనుమానాన్ని మాత్రమే చెబుతుందని, తీర్పు ఇవ్వాల్సింది ఫ్లోరేనని ఇక్కడ బాగా తెలిసింది. షీటును నమ్మి 37 ఆర్డర్లకూ ఒకేసారి `TECO` పెట్టి ఉంటే నిజమైన సరుకును నష్టంగా రాసేవాళ్లము.

28 ఆర్డర్లలో కొన్ని గత ఏడాది అక్టోబరు నాటివి. మార్చి 31కి ముందు పుట్టిన మొత్తం సుమారు 3 లక్షల 10 వేలు. అది ఆడిట్ అయిన సంవత్సరం కాబట్టి ఆ భాగం గురించి మా ఆడిటర్లకు రాతపూర్వకంగా తెలియజేశాను.

జూలై 14

ప్లాంటు అధిపతి గారు ఒక సూటి ప్రశ్న వేశారు. ఈ 11 లక్షల 20 వేలను వేరియన్స్‌గా సెటిల్ చేస్తే ఆ నెల లాభం ఎందుకు తగ్గాలి, ఖర్చు ఎప్పుడో జరిగిపోయింది కదా అన్నారు. ఆయన అన్నదే నిజం, అందుకే సమాధానం కొంచెం నిదానంగా చెప్పవలసి వచ్చింది.

సామాను ఆర్డరుకు ఇచ్చిన క్షణంలోనే లాభనష్టాల ఖాతాలో వినియోగం ఖర్చుగా పడింది. జీతాలు, కరెంటు ఎప్పుడో పడ్డాయి. పూర్తయిన ముక్కలు స్టాకులోకి వచ్చినప్పుడు ఉత్పత్తి ఖాతాకు జమ పడింది. ఈ రెండింటి తేడా అప్పటికే లాభనష్టాల్లో ఉంది. సెటిల్‌మెంట్‌లో వేరియన్స్ పోస్టింగు ధర వ్యత్యాస ఖాతాకు ఖర్చు రాసి, ఉత్పత్తి ఖాతాకు జమ రాస్తుంది. రెండూ లాభనష్టాల ఖాతాలే కాబట్టి మొత్తం లాభం ఒక్క రూపాయి కూడా కదలదు. కదిలించేది డబ్ల్యూఐపీ పోస్టింగు. అది ఒకవైపు బ్యాలెన్స్ షీటులోని డబ్ల్యూఐపీ ఖాతాను, మరోవైపు లాభనష్టాల్లోని డబ్ల్యూఐపీ మార్పు ఖాతాను తాకుతుంది. గత నెలల్లో ఈ 11 లక్షల 20 వేలను డబ్ల్యూఐపీగా రాసినప్పుడు జరిగిపోయిన ఖర్చును బ్యాలెన్స్ షీటులోకి తీసుకుపోయి దాచినట్టయింది. ఇప్పుడు ఆర్డరు ముగియగానే ఆ పోస్టింగు వెనక్కు వస్తుంది, దాచిన ఖర్చు తిరిగి కనిపిస్తుంది.

నిల్వల విలువకు వర్తించే ఇండ్ ఏఎస్ 2 కూడా మామూలు స్థాయిని మించి వృథా అయిన సామానును, పనిని, ఇతర తయారీ ఖర్చులను సరుకు విలువలో కలపకూడదని, అవి జరిగిన కాలంలోనే ఖర్చుగా రాయాలని చెబుతుంది. తుక్కులో పడిన ముక్కలకు డబ్ల్యూఐపీలో చోటు లేదు.

జూలై 16

రుణ డబ్ల్యూఐపీ ఉన్న ఆర్డర్ల సంగతి ఇవాళ చూశాను. జూన్ జాబితాలో 6 ఆర్డర్లకు విలువ సున్నా కంటే తక్కువగా ఉంది, మొత్తం 4 లక్షల 60 వేలు. ఇవి కలవడం వల్లనే మొత్తం 68 లక్షల 40 వేలు మామూలుగా కనిపించింది. ఎక్కువ చూపిన ఆర్డర్లూ తక్కువ చూపిన ఆర్డర్లూ ఒకదానినొకటి కప్పేశాయి. నికర మొత్తాన్ని మాత్రమే మే నెలతో పోల్చే మా పాత అలవాటు ఎందుకు పనికిరాలేదో ఇప్పుడు అర్థమైంది.

ఒక ఉదాహరణ. చిన్న సైజు బాడీ, స్టాండర్డ్ ధర 700. అందులో క్యాస్టింగు 440, పావుగంట యంత్రం, మనిషి కలిపి 200, రంగు 60. ఆర్డరు 300 ముక్కలు, డెలివరీ అయినవి 150, జమ 1,05,000. గంటలు 40, అంటే 32,000. రంగు 9,000. మొత్తం ఖర్చు 41,000 మాత్రమే, కాబట్టి మిగులు రుణాత్మకంగా 64,000. క్యాస్టింగు లేకుండా పంపు బాడీ తయారు కాదు, కాని ఆర్డరు మీద క్యాస్టింగు ఖర్చే లేదు.

చిన్న సైజుకు మా వద్ద బ్యాక్‌ఫ్లష్ పెట్టారు, అంటే కన్ఫర్మేషన్ రాయగానే క్యాస్టింగు తనంతట తానే స్టాకులోంచి తగ్గాలి. ఆ సమయంలో లైన్ దగ్గరి స్టోరేజ్ లొకేషన్‌లో సిస్టమ్ ప్రకారం స్టాకు లేదు. ముక్కలు వచ్చాయి గాని వాటి బదిలీని ఎవరూ ఎంటర్ చేయలేదు. దానితో ఆ కదలిక ఫెయిలై `COGI` జాబితాలో పడి ఉండిపోయింది. బదిలీ ఎంటర్ చేసి `COGI`లో ఆ వరుసను మళ్లీ నడిపిన తర్వాత 150 క్యాస్టింగులకు 66,000 ఆర్డరు మీద పడింది, మిగులు 2,000 అయింది. ఆరు ఆర్డర్లనూ ఇలాగే సరిచేస్తే రుణం 4 లక్షల 60 వేలు పోయి 35 వేలు ధనంగా వచ్చింది.

ఇక్కడ లాభం మారలేదు. డబ్ల్యూఐపీ ఎంత పెరిగిందో ముడి సామాను నిల్వ అంతే తగ్గింది. ఇన్నాళ్లూ స్టాకులో ఉన్నట్టు చూపిన క్యాస్టింగులు నిజానికి పంపుల్లోకి వెళ్లిపోయాయి. అయితే ఇలాంటి ఆర్డరు మీద `COGI` తేలకముందే `TECO` పెడితే సంగతి వేరు. 64,000 రుణం అనుకూల వేరియన్స్‌గా మారి, లేని ఆదా ఉన్నట్టు లాభం పెరుగుతుంది. ఆ నెలలో ఆ షాపును అభినందించి, తర్వాతి నెల స్టాకు తేడా వచ్చినప్పుడు స్టోరును నిలదీసే పరిస్థితి వస్తుంది. అందుకే `COGI` ఖాళీ కాకుండా ఏ ఆర్డరుకూ `TECO` పెట్టకూడదని నియమం రాసుకున్నాము.

మిగిలిన ఆ 2,000 గురించి కూడా ఒక మాట. అది రెండున్నర గంటలు ఎక్కువ పట్టినందుకు వచ్చిన మొత్తం. సగం తయారైన ముక్క దానిలో ఒక్కటీ లేదు. అసలు ఖర్చుల పద్ధతిలో డబ్ల్యూఐపీ లెక్కిస్తే ఇది తప్పదు. ఆర్డరు తెరిచి ఉన్నంత కాలం ఆలస్యం, దుబారా కూడా సరుకు విలువలో కలిసే కనిపిస్తాయి. మా ఆర్డర్లు వారంలో ముగుస్తాయి కనుక దీనిని భరించవచ్చునని నిర్ణయించాము. నెలల తరబడి తెరిచి ఉండే ఆర్డర్లు నడిపే చోట మాత్రం, ఖర్చును ఆర్డరు వారీగా కాక వస్తువు వారీగా పోగుచేసే ప్రొడక్ట్ కాస్ట్ కలెక్టర్లు పెట్టుకొని, కన్ఫర్మ్ అయిన పరిమాణానికి టార్గెట్ ఖర్చుతో డబ్ల్యూఐపీ కట్టే పద్ధతి మేలని నా అభిప్రాయం.

జూలై 22

బోనాల సెలవు తర్వాత పని మళ్లీ మొదలైంది. నా జల్లెడలో ఒక లోపం కనిపించింది. డెలివరీ సున్నా కంటే ఎక్కువ ఉండాలన్న షరతు వల్ల, ఒక్క ముక్క కూడా డెలివరీ కాని పాత ఆర్డర్లు తప్పించుకున్నాయి. రెండు దొరికాయి. కొత్త డిజైన్ ట్రయల్ కోసం సామాను తీసి, తర్వాత ఆపేసినవి. `D2>0` తీసేసి, కొత్తగా విడుదలైన ఆర్డర్లను తేదీ షరతుకే వదిలేశాను.

అండర్‌డెలివరీ టాలరెన్స్ గురించి చర్చ జరిగింది. ఆర్డరులో 5 శాతం పెడితే 400 ముక్కల్లో 380 రాగానే ఆర్డరు తనంతట తాను డెలివరీ పూర్తయినట్టు అవుతుంది, ఎవరూ `TECO` గుర్తుపెట్టుకోనక్కర లేదు అని ప్లానింగ్ మిత్రుడు అన్నారు. నేను ఒప్పుకోలేదు. మా షాపులో 380 వచ్చిన రోజున మిగిలిన 20 ఇంకా డ్రిల్లింగ్‌లో ఉండవచ్చు. అప్పుడు వాటి విలువంతా వేరియన్స్‌లోకి పోయి, మరుసటి నెల అవి స్టాకులోకి వచ్చినప్పుడు వ్యతిరేక దిశలో అంతే వేరియన్స్ పుడుతుంది. చివరకు టాలరెన్స్ పెట్టకుండా, చివరి ఆపరేషన్‌కు ఫైనల్ కన్ఫర్మేషన్ రాసిన సూపర్‌వైజర్ గారే ఆ రోజు ఆఖరి ముక్క స్టాకులోకి చేరిందని ప్లానింగ్‌కు చెప్పాలని నిర్ణయించాము. ప్లానింగ్ `COHV`లో ఆ రోజు ఆర్డర్లన్నిటికీ ఒకేసారి `TECO` పెడుతుంది.

స్క్రాప్ గడిని తప్పనిసరిగా నింపాలన్నందుకు ఫ్లోరులో కొంత అయిష్టత వచ్చింది. స్క్రాప్ రాస్తే తమ పేరు చెడుతుందని ఆపరేటర్ల భయం. 9వ తేదీ లెక్కనే కాగితం మీద వేసి చూపించాను: రాయకపోతే 14 గంటల తప్పు వాళ్ల మీద పడుతుంది, రాస్తే 8 గంటలే. కారణం కోడ్‌లలో క్యాస్టింగు లోపానికి ఒకటి, మెషినింగ్ లోపానికి మరొకటి పెట్టాము. ముందటిది నేరుగా కొనుగోలు విభాగానికి రుజువవుతుంది. ఒక సీనియర్ ఆపరేటర్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇట్లయితే రాస్తం మేడమ్" అన్నారు.

జూలై 31

సాయంత్రం ఆరు గంటలకు `COGI` జాబితా ఖాళీ అయింది. 28 పాత ఆర్డర్లకు, ట్రయల్ ఆర్డర్లు రెండింటికి, జూలైలో ముగిసినవాటికి `TECO` పడింది; ఆ తేదీ జూలైలోనే ఉండాలని రాత్రి పన్నెండు లోపే ముగించాము. ఆగస్టు 2న సెటిల్‌మెంట్ అయ్యేవరకు జూలై ఆర్డర్ల స్థితిని ఎవరూ మార్చకూడదని మెయిల్ పంపాను. `KKAO` నడిచిన తర్వాత, `KKS1` నడవకముందు ఎవరైనా `TECO` పెడితే రెండు రన్‌లూ ఒకే ఆర్డరును వేర్వేరు స్థితుల్లో చూసే ప్రమాదం ఉంది.

ఆగస్టు 2

వరుసగా ఓవర్‌హెడ్ `CO43`, తర్వాత `KKAO`, `KKS1`, చివరగా `CO88`. ప్రతిదీ ముందు టెస్ట్ రన్‌లో, తర్వాత అసలుగా. పాత 28 ఆర్డర్ల వేరియన్స్ జూలైలోనే పడక తప్పదు, జూన్ ఎప్పుడో మూసేశాము. కాని అది జూలైలో పనిచేసినవారి తప్పుగా నివేదికలో కనిపించడం అన్యాయం. అందుకని వేరియన్స్ నివేదికను రెండు ముక్కలు చేసి, పాత ఆర్డర్ల జాబితాను విడిగా జతపరిచాను.

సెటిల్‌మెంట్ తర్వాత ముగిసిన ప్రతి ఆర్డరు మిగులూ సున్నా కావాలి. ఒక్కటి కాలేదు, 1,200 మిగిలింది. చూస్తే, ఆ ఆర్డరుకు 31న `TECO` పడింది, కాని రాత్రి షిఫ్టు వారు రాయడం మరిచిన ఒకటిన్నర గంటను 1న ఆగస్టు తేదీతో కన్ఫర్మ్ చేశారు. `TECO` అలాంటి పోస్టింగులను ఆపదు. ఆగస్టు ముగింపులో అది వేరియన్స్‌గా తేలుతుంది కాబట్టి దానిని కదపలేదు. ఖర్చులను పూర్తిగా ఆపే `CLSD` స్థితిని `TECO` తర్వాత రెండు ముగింపులు దాటి, మిగులు సున్నా ఉన్న ఆర్డర్లకే పెడతాము.

ఆగస్టు 5

జూలై డబ్ల్యూఐపీ జాబితాను మళ్లీ జల్లెడ పట్టాను. రుణ విలువ ఉన్న ఆర్డరు ఒక్కటీ లేదు. అనుమానితాలు 11 వచ్చాయి, అన్నీ బాలానగర్ పౌడర్ కోటింగ్‌లో ఉన్నవే. వాటిలో నాలుగు జూన్ జాబితాలో కూడా ఉన్నాయి, అంటే నెలన్నర దాటింది. కోటింగ్‌కు అంత కాలం పట్టదు. డెలివరీ చలానాల నకళ్లు తీసుకొని, రేపు ఉదయం సూపర్‌వైజర్ గారితో కలిసి అక్కడికే వెళ్లి ముక్కలు లెక్కపెడతాము.